ఐస్‌క్రీమ్ ఎవరి మెడ మీద పడాలి?

1917 నాటి మూకీ చిత్రం 'ది అడ్వెంచరర్'లో చార్లీ చాప్లిన్ ఒక గొప్పింటి విందుకు వెళ్లి, బాల్కనీలో ఐస్‌క్రీమ్ తింటుంటాడు. ముద్ద జారి ప్యాంటులో పడుతుంది. పక్కనున్నవాళ్లకు తెలియకూడదని మర్యాదగా నవ్వుతూనే లోపల మెలికలు తిరిగిపోతాడు. అది కాస్తా కిందికి జారి, కింద కూర్చున్న ఓ లావుపాటి దొరసాని మెడ మీద పడుతుంది. ఆవిడ కెవ్వుమంటుంది.

ఆ ముద్ద ఎవరి మీద పడాలన్నది చాప్లిన్ బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. మరుసటి ఏడాది రాసిన వ్యాసంలో ఆయనే వివరించాడు. ఒక్క ముద్దతో ఇద్దరు ఇరుకున పడ్డారు కాబట్టి నవ్వు రెండుసార్లు పండింది. ఐస్‌క్రీమ్ చల్లదనం అందరికీ అనుభవమే, కాబట్టి చూసేవాళ్ల వెన్ను కూడా ఝల్లుమంటుంది. అదే ముద్ద ఇల్లు తుడిచే పేదరాలి మీద పడితే జనం నవ్వరు, అయ్యో పాపం అంటారు. డాబుగా ఉన్నవాళ్లకు పోయేది ఆ కాసేపటి డాబే. పేదరాలికి పోగొట్టుకోవడానికి అదీ లేదు.

ఇందులో పనితనమంతా ముందుచూపులో ఉంది. ముద్ద ఎక్కడుందో మనకు తెలుసు, కిందున్నావిడకు తెలియదు. పడ్డాక వచ్చే నవ్వుకు పునాది ఆ ఎదురుచూపే. హఠాత్తుగా పడితే ఉలిక్కిపడతామే తప్ప ఇంతగా నవ్వం.

మరో మూకీ హాస్యనటుడు బస్టర్ కీటన్ ఇంకో కిటుకు పట్టాడు. పసితనంలో తల్లిదండ్రులతో స్టేజీ ఎక్కితే తండ్రి అతన్ని ఎత్తి విసిరేవాడు. పడ్డప్పుడు తాను నవ్వితే జనం నవ్వడం లేదని అప్పుడే గమనించాడు. నవ్వని ఆ బిగుసుకున్న మొహమే తర్వాత తెర మీద అతని గుర్తయింది. 1928లో 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్'లో ఇంటి ముందుగోడ మొత్తం అతని మీద కూలుతుంది. సరిగ్గా కిటికీ ఖాళీలో నిలబడ్డాడు కాబట్టి బతికాడు. గోడ నిజంగానే బరువైనది, అడుగు అటూ ఇటూ అయితే ప్రాణం పోయేదే. అయినా మనం నవ్వగలుగుతున్నామంటే, దుమ్ములోంచి అతను నిటారుగా కనిపించడం వల్లే. లేవడన్న అనుమానం రాగానే నవ్వు చస్తుంది. రక్తం కనిపించినా, ఏడుపు నిజమనిపించినా అంతే.

మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క కొట్టుకుంటే ఊరంతా పగలబడి నవ్వేది. తోలుకు నొప్పి లేదు, పైగా దెబ్బ తిన్నవాడు తిరిగి ఒకటి వేస్తాడు. మన సినిమాల్లో మాత్రం పనివాడి పాత్రనో, బక్కపలచని గుమాస్తానో హీరో చెంపల మీద చెంపలు వాయిస్తుంటే, అతను బుగ్గ పట్టుకుని నిలబడే సన్నివేశాలు బోలెడు. తిరిగి కొట్టే వీలు లేనివాడిని ఐదోసారి కొట్టినప్పుడు హాల్లో మోగేది అలవాటు నవ్వు. ఆ దెబ్బకు ముందు ఎదురుచూపూ లేదు, తర్వాత లేచి నిలబడే మనిషీ లేడు.