ఓళిగల లెక్క

జమ్మలమడుగు పెళ్లి భోజనానికి ఆకుకు ఇంతని ధర చెప్పే వంట మాస్టరు, ముందు అడిగేది ఓళిగలు ఉన్నాయా అని. నాకు ఆ ప్రశ్నలోనే ఆయన పనితనమంతా కనిపిస్తుంది. అన్నం లెక్క సులువు. కిలో బియ్యానికి సుమారు పదిమంది. 500 మందికి 50 కిలోలు. చివర్లో జనం పెరిగితే ఇంకో గుండిగ ఎక్కిస్తారు, అరగంటలో దిగుతుంది.

ఓళిగ అలా కాదు. మనిషికి రెండంటే వెయ్యి, ప్రతిదీ చేత్తో తట్టాల్సిందే. శనగపప్పు వేళ్లమధ్య నలిగేదాకా ఉడికి, ముద్ద కాకముందే దిగాలి. నీళ్లు సరిగా వార్చకపోతే పూర్ణం పలచనై పెనం మీద చిరుగుతుంది. వార్చిన కట్టు మాత్రం పారబోయరు. చారుకు అదే ప్రాణం.

అందుకే జనం లెక్క రెండుమూడు రోజుల ముందే ఖాయం కావాలంటారు. అడ్వాన్సు ముహూర్తం రోజుకు తట్టే మనుషుల్ని కట్టిపెట్టుకోవడానికి, పప్పూ బెల్లం దించుకోవడానికి పోతుంది. వందమందికైనా పొయ్యిలు, పాత్రలు, ప్రధాన వంటవాళ్లు తప్పరు కాబట్టి చిన్న పెళ్లికి ఆకు ధర ఎక్కువ పడుతుంది. మంచి మాస్టరు ఆ మాట బేరం మొదట్లోనే చెప్పేస్తాడు.