వచ్చావా, వచ్చారా, వచ్చార్రా

తెలుగు మాటలో కర్తను మింగేయొచ్చు. "ఎప్పుడొచ్చారు?" అంటే చాలు, ‘మీరు’ అని విడిగా అననక్కర్లేదు. క్రియ చివరున్న ‘రు’ను మాత్రం మింగలేం. అడిగేవాడు చిన్నవాడో, పరాయివాడో, మొహమాటపడుతున్నాడో ఆ ఒక్క అక్షరం చెప్పేస్తుంది. అందుకే సీరియల్లోనో రేడియో నాటకంలోనో ఒక కోడలు మూడో సీన్లో మావగారిని ‘రండి’ అని, ఐదో సీన్లో ‘రా’ అందనుకోండి, వినేవాడు దాన్ని వ్యాకరణ దోషంగా తీసుకోడు. ఈ మధ్యలో వీళ్ళకేదో జరిగిందనుకుంటాడు. రచయిత రాయని కథ ఒకటి అక్కడ పుడుతుంది.

ఈ తడబాటు ఎక్కువగా ఒక అపోహ నుంచి వస్తుంది. పాత్రకో మర్యాద మట్టం ఉంటుందని, ఫలానా అమ్మాయి పద్ధతి గలది కాబట్టి అందర్నీ ‘మీరు’ అంటుందని రాసుకుంటారు. మర్యాద మనిషిలో ఉండదు, ఇద్దరి మధ్య ఉంటుంది. తెనాలిలో ఒక ఇల్లు అనుకుందాం. ఎనభై ఏళ్ళ సుందరమ్మ, అరవై దగ్గరపడుతున్న ఆవిడ కొడుకు రామ్మూర్తి, అతని భార్య లలిత, వాళ్ళబ్బాయి కిరణ్, వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన కోడలు స్వాతి, పొలం చూసుకునే సత్తెయ్య. భోజనాల దగ్గర రామ్మూర్తి "అమ్మా, ఇంకొంచెం వేసుకో" అంటాడు. పక్కనే లలిత "వేసుకోండి అత్తయ్యా" అంటుంది. వినే మనిషి ఒక్కరే, విస్తరి ఒక్కటే, క్రియలు రెండు. అదే రామ్మూర్తి సాయంత్రం బ్యాంకుకెళ్ళి, కొడుకు వయసున్న మేనేజరుతో "మీరు చెప్పండి" అంటాడు. వయసొక్కటే చూసి చివర్లు నిర్ణయించే రచయిత ఈ రెండుచోట్లా పొరబడతాడు.

కాబట్టి సంభాషణలు మొదలుపెట్టే ముందే ఒక పట్టిక గీసుకోవాలి. నిలువు వరుసలో మాట్లాడేవాళ్ళు, అడ్డ వరుసలో వినేవాళ్ళు. ఆరుగురుంటే ముప్ఫై గళ్ళు వస్తాయి, ఎందుకంటే లలిత రామ్మూర్తిని పిలిచే గడి వేరు, రామ్మూర్తి లలితను పిలిచే గడి వేరు. ఆ ఇంట్లో ఒకటి ‘ఏమండీ, మీరు’, రెండోది ‘లలితా, నువ్వు’. ప్రతి గడిలో రెండు సంగతులు రాయాలి. ఒకటి నువ్వా, మీరా అన్నది. రెండోది పిలుపు. పిలుపెందుకంటే, క్రియ రుచిని అది మార్చేస్తుంది. ఊరి నుంచి వచ్చిన కిరణ్, తన కంటే ముప్ఫై ఏళ్ళు పెద్దయిన పాలేరుతో "ఎలా ఉన్నావ్ తాతా?" అంటే చనువు. "ఎలా ఉన్నావ్ సత్తెయ్యా?" అంటే అయ్యగారి కొడుకు. ‘ఉన్నావ్’ రెండింట్లోనూ ఉంది. సత్తెయ్య మాత్రం రెండింటికీ "బాగున్నాను చినబాబూ, తమరెప్పుడొచ్చారు?" అనే జవాబిస్తాడు. కిరణ్ ఏ గడిలో ఉన్నాడో తేల్చుకోకుండా ఆ సీను రాస్తే, ఒకచోట మనవడిలా, ఒకచోట దొరలా కనిపిస్తాడు. పాత సినిమాలు చాలావాటిలో ఈ గడి ‘ఒరేయ్’తో నిండి ఉండేది. ఇవాళ అలా రాస్తే అది కిరణ్ స్వభావానికి సాక్ష్యమవుతుంది, కావాలనుకుంటేనే రాయాలి.

కొన్ని గళ్ళకు సరైన జవాబంటూ ఉండదు. కిరణ్ తండ్రిని నువ్వంటాడా, మీరంటాడా? తెలుగు ఇళ్ళలో రెండూ ఉన్నాయి. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా నిలబడితే, ఆ ఇంటి వాతావరణం గురించి రెండు పేజీల వర్ణన తప్పుతుంది.

పట్టిక ఉన్నా జారే చోట్లుంటాయి. ‘మీరు వచ్చావు’ అని ఎవరూ రాయరు, అది చెవికే తగులుతుంది. జారేది చుట్టుపక్కల మాటల్లో. "మావయ్యా, మందులు వేసుకున్నారా? నీ కళ్ళజోడు ఇక్కడే ఉంది." మొదటి వాక్యం కోడలిది, రెండోది సుందరమ్మ కోసం రాసిన చిత్తుప్రతి నుంచి వచ్చి చేరింది. మీ, మీకు, మిమ్మల్ని, వెళ్ళండి, వెళ్ళకండి, కదండీ... ఇవన్నీ ఒక కుటుంబం. ఒకటి మారిస్తే అన్నీ మారాలి. సీన్లో ఒకరు చెప్పాల్సిన మాటను ఇంకొకరికి బదిలీ చేసినప్పుడు ఈ తప్పు ఎక్కువగా దొర్లుతుంది. క్రియ మార్చి, షష్ఠిని మరచిపోతారు.

కంప్యూటర్లో వెతికి ఒక్కసారిగా మార్చేద్దామనుకుంటే ఇంకో గొయ్యి ఉంది. ‘రు’ అన్నిచోట్లా గౌరవం కాదు, బహువచనం కూడా. కిరణ్ తన ఇద్దరు స్నేహితుల్ని చూసి "ఎప్పుడొచ్చార్రా? కూర్చోండ్రా" అంటాడు. గౌరవపు క్రియకు చనువు ‘రా’ తోక తగిలినట్టుంది గానీ, అక్కడున్నది ఇద్దరు మనుషులన్న లెక్క మాత్రమే. ఆడపిల్లలైతే "ఎప్పుడొచ్చారే?" వాళ్ళలో ఒకడు లేచి వెళ్ళిపోయాక అదే కిరణ్ "ఎప్పుడొచ్చావ్‌రా?" అనాలి. గదిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టకుండా ఈ చివర్లు దిద్దకూడదు. సుందరమ్మ కొడుకూ కోడలూ ఇద్దరితో "మీరు వెళ్ళండి, నేనొస్తా" అన్నప్పుడు కూడా అంతే. అది కొడుకు మీద హఠాత్తుగా పుట్టిన మర్యాద కాదు.

అక్కడ లేని మనిషి గురించి మాట్లాడేటప్పుడు రెండో పట్టిక కావాలి, దాన్ని చాలామంది వేసుకోరు. మగవాళ్ళకు వాడు, అతను, ఆయన అని మెట్లున్నాయి. వాడొచ్చాడు, అతనొచ్చాడు, ఆయనొచ్చాడు, ఆయనొచ్చారు. ‘మా ఆయన ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు’ అని భార్య అనడం మామూలే. దాన్ని తప్పని ‘ఉన్నారు’గా దిద్దితే ఆ ఇల్లాలు సభలో మాట్లాడుతున్నట్టుంటుంది. ఆడవాళ్ళ విషయంలో మెట్లు క్రియలో దాదాపు కనిపించవు. అది వచ్చింది, ఆమె వచ్చింది, ఆవిడ వచ్చింది. ఆ పైన ఒక్కసారిగా ‘వచ్చారు’కు ఎగరాలి. సర్వనామం ఎగిరిపోతే ‘వచ్చింది’ అన్న మాటలో ప్రేమా తిరస్కారమా తెలియదు. కాబట్టి స్త్రీ పాత్ర గురించి ఎవరైనా చెప్పేటప్పుడు, మగపాత్రల కంటే ఎక్కువగా, ఆ పిలుపు మాటను వాక్యంలో ఉంచాలి.

ఇందులో ఎవరి గురించి అన్నదానితో పాటు ఎవరి ముందు అన్నదీ లెక్కలోకి వస్తుంది. స్వాతి తండ్రి ఫోన్ చేశాడు. మావగారికి చెప్పేటప్పుడు "నాన్నగారు ఫోన్ చేశారు". గదిలోకెళ్ళి కిరణ్‌కు చెప్పేటప్పుడు "బాపు ఫోన్ చేసిండు". తండ్రి మీద ప్రేమ తగ్గలేదు, వినేవాళ్ళు మారారు. దిద్దేవారు ఈ రెండూ చూసి ‘ఏకరూపత లేదు’ అని ఎర్రగీత పెడితే, స్వాతి రెండిళ్ళ మధ్య బతుకుతున్న సంగతి కొట్టేసినట్టే.

ఆ స్వాతి దగ్గరే ఇంకో మెలిక ఉంది. తెలంగాణ పల్లెల్లో చాలా ఇళ్ళలో తాతనూ తండ్రినీ ‘నువ్వు’ అనే పలకరిస్తారు. "తాతా, తిన్నవా?" అన్నదాంట్లో గౌరవ లోపం ఇసుమంతైనా లేదు. ఉత్తరాంధ్రలోనూ పెద్దలతో ఏకవచనం సహజంగా వినపడుతుంది. కృష్ణా, గుంటూరు మాటను కొలబద్దగా పట్టుకుని అవన్నీ ‘మీరు’గా దిద్దడం అనవసరపు పెద్దరికం. పౌరాణికానికి వస్తే లెక్క ఇంకోటి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం పద్యాల్లో కృష్ణుడు దుర్యోధనుణ్ణి ఏకవచనంలోనే కుశలమడుగుతాడు, హాల్లో ఎవరికీ అమర్యాదగా తోచదు. ప్రతి నాటకం తన లోకంలో మామూలు ఏమిటో మొదటి రెండు సీన్లలో ప్రేక్షకుడికి నేర్పేస్తుంది. ఆ తర్వాత దాన్ని బట్టే కొలుస్తాడు.

మట్టం ఏదో పాత్రలకే తెలియని ఘడియలూ ఉంటాయి. పెళ్ళయిన మూడో రోజు స్వాతి కిరణ్‌ను ఏమనాలి? తెలుగు ఇలాంటివాళ్ళ కోసమే కొన్ని రూపాలు దాచింది. "కాఫీ కావాలా?" "భోజనం అయిందా?" "రేపు వెళ్ళాలా?" "ఇంకా నిద్ర రాలేదా?" వీటిలో ఎక్కడా నువ్వూ లేదు, మీరూ లేదు. వెళ్ళాలి, వెళ్ళొచ్చు, వద్దు, కూడదు, రాలేదు... ఈ రూపాలకు పురుష ప్రత్యయం అంటదు. మొదటి రాత్రి నుంచి వారం దాకా స్వాతి మాటలన్నీ ఇలా నడిపించి, ఒకరోజు హడావిడిలో "కిరణ్, తాళాలు తీస్కున్నవా?" అనిపిస్తే, ఆ ‘వా’ ప్రేమ ప్రకటనంత పని చేస్తుంది. ఈ రూపాలను అతిగా వాడితే మాత్రం పాత్ర ముభావంగా తయారవుతుంది. పట్టిక వేసుకోవడానికి బద్ధకించిన రచయిత కూడా వీటి వెనకే దాక్కుంటాడు. ఒకే జంట మధ్య వరసగా పది మాటలు ఇలాగే సాగితే అనుమానించాల్సిందే.

మట్టం మారకపోవడంలోనూ నాటకం ఉంటుంది. కన్యాశుల్కంలో వెంకటేశం గిరీశాన్ని ‘మీరు’ అంటూనే దెప్పుతాడు. శిష్యుడి చివర్లు శిష్యుడివిగానే ఉండి, లోపలి సంగతి చురకగా మారడంతో నవ్వొస్తుంది. కోపమొస్తే ‘నువ్వు’కు దిగాలనేమీ లేదు. పైకి ఎక్కినా కుడుతుంది. పదింటికి లేచిన కొడుకుతో లలిత "అయ్యగారు లేచారా?" అంటే చాలు. అయితే ఇలా మట్టం తప్పిన ప్రతి మాట పక్కనా ప్రతిలో కారణం రాసి ఉంచాలి, ‘వెటకారం’ అనో, ‘చుట్టాల ముందు’ అనో. లేకపోతే డబ్బింగ్ థియేటర్లో ఎవరో పుణ్యాత్ముడు పొరపాటనుకుని సరిచేస్తాడు.

సరిచూడటానికి సీన్ల వరసలో చదివితే లాభం లేదు, కథలో పడి చెవి మొద్దుబారుతుంది. ఒక జంటను పట్టుకోవాలి. స్వాతి రామ్మూర్తితో అన్న మాటలన్నీ మొదటి సీను నుంచి చివరి సీను దాకా ఏరి, మధ్యలో ఇంకేదీ చదవకుండా, పైకి చదవాలి. జారిన చివర అప్పుడు ఠక్కున వినిపిస్తుంది. తర్వాత రామ్మూర్తి స్వాతితో అన్నవి. ఎపిసోడ్లు ఇద్దరు ముగ్గురు రచయితలు పంచుకునే సీరియళ్ళలో ఇది మరీ అవసరం. ఒకరి కిరణ్ తండ్రిని ‘మీరు’ అంటుంటే, మరొకరి కిరణ్ వారి సొంత ఇంటి అలవాటు ప్రకారం ‘నువ్వు’ అంటుంటాడు.

బంధం ముదిరేకొద్దీ గడి మారుతుంది కాబట్టి పట్టికలో సీను నంబరు కూడా వేయాలి. స్వాతి, కిరణ్ గడిలో ‘తాళాల సీను నుంచి నువ్వు’ అని రాసుకుంటే సరిపోదు. ‘సుందరమ్మ ఎదురుగా ఉంటే మీరు’ అని కింద ఇంకో వరస రాయాలి. ఆ రెండో వరస మరచిపోతే, ముసలావిడ ముందు కోడలు మొగుణ్ణి ‘నువ్వు’ అన్నా ఆవిడ తల తిప్పి చూడకుండా ఊరుకోవాల్సి వస్తుంది. సుందరమ్మ అలా ఊరుకునే మనిషి కాదని మొదటి సీన్లోనే రాసేశాం.