దస్తావేజు ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు

కంచికచర్ల మండలం కీసరలో మా పెదనాన్నగారు 1979లో కొన్న మెట్ట పొలం దస్తావేజును వాళ్ల మనవడు డల్లాస్‌లో దగ్గర పెట్టుకున్నాడు. తెలుగు బాగానే మాట్లాడతాడు కానీ దస్తావేజు తెలుగు అతనికి కొరుకుడు పడలేదు. "బాబాయ్, ఇందులో ఏముందో ఇంగ్లీషులో ఒక పేజీ రాసి పంపండి, లాయరుకి చూపించాలి" అన్నాడు. ఇలాంటి పేజీలు చుట్టాలకీ స్నేహితులకీ చాలాకాలంగా రాసి పెడుతున్నాను. ఇందులో తప్పులు ఎక్కడ దొర్లుతాయో ఈ ఒక్క కాగితం చూసినా తెలుస్తుంది.

మొదటి వాక్యం దగ్గరే జాగ్రత్త పడాలి. మన పాత దస్తావేజుల్లో "ఫలానా వారికి, ఫలానా వారు వ్రాయించి ఇచ్చిన శుద్ధ విక్రయ దస్తావేజు ఏమనగా" అని ఉంటుంది. కొన్నవారి పేరు ముందు, అమ్మినవారి పేరు తర్వాత. ఇంగ్లీషు దస్తావేజుల్లో మామూలుగా అమ్మినవారు ముందు వస్తారు. పేర్లను అదే వరుసలో దించేస్తే కొన్నవాడు అమ్మినవాడైపోతాడు. ఆపైన కాగితం పొడుగునా కనిపించే "నేను" అమ్మినవాడేనని గుర్తుపెట్టుకోవాలి.

ఈ దస్తావేజులో అమ్మినాయన తన తరఫునా, మైనరు కొడుకు తరఫున గార్డియన్‌గానూ సంతకం చేశాడు. పొలం పిత్రార్జితమనీ, పాత బాకీలు తీర్చడానికీ కుటుంబ ఖర్చులకీ అమ్ముతున్నాననీ రాయించాడు. పేజీ కుదించేవారు మొదట కొట్టేసేది ఈ వాక్యాన్నే, ఎప్పుడూ ఉండే మాటలే కదా అని. నా దృష్టిలో మొత్తం దస్తావేజులో వదలకూడని వాక్యం ఇదే. ఉమ్మడి ఆస్తిలో మైనరు వాటాను కూడా కలిపి తండ్రి అమ్మాలంటే కుటుంబ అవసరం గానీ, ఆస్తికి మేలు గానీ ఉండాలి. కొడుకు పెద్దవాడై దావా వేస్తే కోర్టులో నలిగేది ఆ అవసరం గురించే. అదే పొలం ఆ పిల్లవాడి సొంత ఆస్తి అయ్యుంటే సంగతి వేరు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం కోర్టు అనుమతి కావాలి. కాబట్టి పిత్రార్జితమా, స్వార్జితమా అన్నది పేజీలో ఉండి తీరాలి. అయితే "బాకీల కోసం అమ్మారు" అని మన మాటగా రాయకూడదు. "బాకీల కోసం అమ్ముతున్నట్టు దస్తావేజులో ఉంది" అనాలి. రాయించినంత మాత్రాన బాకీ ఉన్నట్టు రుజువు కాదు.

ఇక షెడ్యూలు. "4 ఎకరాల 60 సెంట్లకు గాను తూర్పు వైపు య.2-30 సెంట్లు మెట్ట" అని ఉంది. ఆ సర్వే నంబరులో మొత్తం విస్తీర్ణం వేరు, కొన్నది వేరు. "తూర్పు వైపు" అన్న మాట పోతే కొన్న సగం ఎటువైపుదో తెలియదు. మా వాళ్లకు కోదాడ వైపు కూడా కొంచెం పొలం ఉంది. అక్కడి కాగితాల్లో గీత తర్వాత వచ్చేది గుంటలు, నలభై గుంటలు ఒక ఎకరం. అక్కడ 2-30 అంటే రెండు ముప్పావు ఎకరాలు. ఇక్కడ నూరు సెంట్లు ఎకరం కాబట్టి రెండెకరాల ముప్పై సెంట్లే. తేడా 45 సెంట్లు, అంటే 2,178 గజాలు. అందుకే గీతా చుక్కా పెట్టి ఊరుకోకుండా ఎకరాలు, సెంట్లు అని అక్షరాల్లో రాశాను.

"మెట్ట" అన్నదాన్ని ఉత్త భూమి అనో, ప్లాటు అనో రాస్తే విదేశంలో ఉన్నవాడికి నేరుగా నష్టం. ప్రవాస భారతీయులకూ ఓసీఐ కార్డున్నవారికీ ఇక్కడ ఇల్లూ ఇళ్ల స్థలమూ కొనే వీలుంది, సాగుభూమి కొనే వీలు మామూలుగా లేదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. అలా వచ్చినదాన్ని అమ్మితే ఇండియాలో నివసించేవారికే అమ్మాలి. వర్షాధారపు సాగుభూమి అని విడమర్చి రాస్తేనే అక్కడి లాయరు సరైన ప్రశ్న అడగగలడు.

సర్వే నంబరును, ఊరి చిరునామాను కాగితంలో ఉన్నట్టే ఉంచాలి. అందులో కృష్ణా జిల్లా, నందిగామ తాలూకా అని ఉంది. ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లా, కంచికచర్ల మండలం. 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. కొత్త వివరం తెలిస్తే విడిగా, "దస్తావేజులో లేదు, నేటి రికార్డు నుంచి" అని చెప్పి రాయాలి. పాతదాన్ని చెరిపి కొత్తది పెడితే ఈసీ తీయడానికి వెళ్లినవాడు ఏ నంబరుతో వెతకాలో తెలియక తిరిగొస్తాడు.

మీరూ ఎవరికైనా ఇలా రాసి పంపుతుంటే ప్రతి వాక్యం పక్కన దస్తావేజు పేజీ నంబరు వేయండి. అర్థం కాని చోట ఊహించి రాయకుండా తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచేయండి. అసలు దస్తావేజు స్కాను, వెనుక వైపు రిజిస్ట్రేషన్ ముద్రలున్న పేజీలతో సహా, తప్పకుండా జతచేయండి.