బీపీ సమీకరణాన్ని డాక్టర్లకు వివరించే లేఖ

రక్తపోటుకు వయసు, బరువులతో ఉన్న సంబంధాన్ని రిగ్రెషన్‌తో లెక్కగట్టాక, గణాంకవేత్త డాక్టర్లకు రాసే లేఖలో ముందుగా సమీకరణం, ఆ వెంటనే దాన్ని ఎలా చదవాలో ఉండాలి. గణాంకశాస్త్ర పాఠాల్లో తరచుగా వాడే 20 మంది అధిక రక్తపోటు రోగుల వివరాలు ఇందుకు మంచి ఉదాహరణ. అందులో బీపీ అంటే సగటు ధమనీ పీడనం. వయసు ఏళ్లలో, బరువు కిలోల్లో ఉంటాయి. లెక్క ఇలా తేలుతుంది:

```
BP = -16.6 + 0.708 × Age + 1.033 × Weight
```

49 ఏళ్ల వయసు, 94.2 కిలోల బరువు ఉన్న రోగికి ఈ సమీకరణం ఇచ్చే అంచనా సుమారు 115.4. అతనికి నిజంగా నమోదైన బీపీ 115. ఈ తేడానే శేషం అంటారు. ఈ 20 మందిలో శేషాలు చాలా చిన్నవి. మామూలు క్లినిక్ రికార్డుల్లో ఇంత దగ్గరి అంచనా ఆశించకూడదు. ఒకే మనిషి బీపీ కూడా ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. మొదట్లో ఉన్న -16.6కు వైద్యపరంగా అర్థం లేదు, సున్నా ఏళ్లు, సున్నా కిలోలు ఉన్న రోగి ఉండడు కదా.

లేఖ ఎక్కువసేపు ఆగాల్సింది 1.033 దగ్గర. ఒకే వయసువాళ్లను ఇద్దరిని తీసుకుంటే, 5 కిలోలు ఎక్కువున్న వ్యక్తి బీపీ సగటున 5 మి.మీ.కు కాస్త ఎక్కువగా ఉంటుందని దాని భావం. "ఒకే వయసు" అన్న షరతు వదిలేస్తే అంకె మారిపోతుంది. బరువు ఒక్కదానితోనే లెక్క కడితే అది 1.20. ఈ రోగుల్లో వయసు పెరిగినవారు కొంత బరువుగానూ ఉన్నారు. అందువల్ల వయసును లెక్కలోకి తీసుకోనప్పుడు దాని ప్రభావంలో కొంత భాగం బరువు ఖాతాలో పడింది.

ఇక్కడే డాక్టరు పొరబడే అవకాశం ఉంది. సమీకరణం ఇద్దరు వేర్వేరు మనుషుల మధ్య తేడా చెబుతుంది. ఒకే రోగి కిలో తగ్గితే అతని బీపీ ఒక మి.మీ. తగ్గుతుందని అది హామీ ఇవ్వదు. అది తెలియాలంటే బరువు తగ్గించి చూసిన పరీక్షలు కావాలి. ఈ రోగుల వయసు 45 నుంచి 56 ఏళ్లు, బరువు సుమారు 85 నుంచి 101 కిలోలు. ముప్పై ఏళ్ల, 60 కిలోల మనిషికి ఈ సమీకరణాన్ని వాడకూడదు.

సొంత రికార్డులతో ఇదే లెక్క చేసే క్లినిక్ మాత్రల సంగతి మరవకూడదు. బరువు ఎక్కువున్నవారిలో చాలామంది ఇప్పటికే బీపీ మందులు వాడుతుంటే, వాళ్ల రీడింగులు మందుల వల్లే తగ్గి ఉంటాయి. అప్పుడు బరువు ప్రభావం అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది. మందులు వాడేవారిని, వాడనివారిని విడదీసి శేషాలు చూస్తే ఇది బయటపడుతుంది: బరువైన రోగుల్లో మందులు వాడేవారి బీపీ గీతకు కిందనే, వాడనివారిది పైనే గుంపుగా పడుతుంది. కాబట్టి ప్రతి రీడింగు పక్కన రోగి ఏ మందు వాడుతున్నాడో రాసి ఉంచమని లేఖలో డాక్టర్లను అడగాలి.