థింసా వరుస, ఒకే గీత

అరకు థింసాను గుర్తుపట్టడానికి రంగులక్కర్లేదు, నీడ చాలు. పక్కవారి వీపు వెనకనుంచి చేతులు కలిపి కదిలే ఆడవాళ్ల వరుస అది. విశాఖలో ఒక డిజైనర్ కాఫీ సంచి మీద అచ్చు కోసం ఆ వరుస అంచును ఇలస్ట్రేటర్‌లో ఒకే గీతగా గీస్తుంటే పక్కన కూర్చుని చూశాను. మౌస్ ఒక్కసారి కూడా టూల్స్ పట్టీ వైపు పోలేదు.

ఫొటోను అడుగున పెట్టి Ctrl+2తో లాక్ చేశాడు. తర్వాత A నొక్కి, వెంటనే P నొక్కాడు. కిటుకంతా ఈ వరుసలోనే ఉంది. పెన్ టూల్ నడుస్తుండగా Ctrl పట్టుకుంటే, అంతకుముందు చివరగా వాడిన బాణం వస్తుంది. A నొక్కి వచ్చాడు గనక తెల్లబాణం వచ్చి, ఒక్క బిందువునే పట్టి జరపనిస్తుంది. నల్లబాణమైతే గీసిందంతా కదులుతుంది.

మొదటి ఆమె కొప్పు దగ్గర మొదలుపెట్టాడు. గుండ్రటి కొప్పుకు పైన, పక్కన, కింద మాత్రమే బిందువులు. వంపు దిశ మారేచోటే క్లిక్. ప్రతిసారీ లాగిన హ్యాండిల్ ఆ ముక్క పొడవులో దాదాపు మూడో వంతు. మెడ నుంచి భుజానికి దిగాక మోచేయి వచ్చింది. అక్కడ మౌస్ వదలకుండానే Alt పట్టుకుని ముందు హ్యాండిల్‌ను పక్కకు తిప్పాడు, నున్నటి వంపు పదునైన మూలయింది. ఒక బిందువు చీరంచుకు కాస్త దూరంగా పడింది. మౌస్ నొక్కి ఉంచుతూనే స్పేస్‌బార్ పట్టి దాన్ని జరిపేశాడు, అన్‌డూ అవసరం రాలేదు.

కాలి మడమను దగ్గరగా చూడాలి. Alt పట్టి వీల్ తిప్పితే కర్సర్ ఉన్నచోటికే జూమ్ అవుతుంది. మౌస్ వదిలేశాక అదే స్పేస్‌బార్ అరచెయ్యిగా మారి కాన్వాస్‌ను జరుపుతుంది. ఈ రెండింటికీ గీత తెగదు. అతను మడమ ముగించి Ctrl+0 కొట్టాడు, ఆర్ట్‌బోర్డంతా కళ్లముందుకొచ్చింది. దగ్గర్నుంచి బాగున్న వంపు దూరం నుంచి గుంటపడినట్టుంటే తెలిసేది ఇక్కడే.

ఇందులో తప్పటడుగు ఒకటుంది. Ctrl పట్టుకుని ఖాళీ చోట క్లిక్ చేస్తే గీత అక్కడితో ముగుస్తుంది. పెన్ కర్సర్ పక్కన నక్షత్రం గుర్తు కనబడితే, తర్వాతి క్లిక్ కొత్త గీతకే. పాతదాన్ని కొనసాగించాలంటే చివరి బిందువు మీదికి వెళ్లాలి. అక్కడ కర్సర్ పక్కన ఏటవాలు గీత కనిపించాక క్లిక్ చేయాలి. అనవసరపు బిందువును Deleteతో తీస్తే గీత తెగుతుంది. పెన్‌ను దాని మీదికి తెచ్చి, మైనస్ గుర్తు కనబడ్డాక క్లిక్ చేస్తే బిందువు పోతుంది, గీత నిలుస్తుంది.

చివర్లో మొదటి బిందువు మీద చిన్న సున్నా కనబడింది, వరుస మూసుకుంది. Ctrl+Yతో రంగు తీసి చూస్తే వీపుల మీదుగా సాగిన అంచులో ఎక్కడా బిందువులు గుంపుకట్టలేదు. సంచి మీద అచ్చేసినా, పెద్ద ఫ్లెక్సీకి పెంచినా ఈ నీడ చెదరదు. మీరూ ఈసారి P ముందు ఒక్కసారి A నొక్కి మొదలుపెట్టండి.