బిల్లు చూడకముందే వేసే లెక్క

సరఫరాదారు బిల్లులో కూడికలు, హెచ్చవేతలు తప్పడం ఇప్పుడు అరుదు. ఆ పని కంప్యూటర్ చూసుకుంటుంది. తప్పంతా దానికి అందించిన అంకెల్లోనే. హైదరాబాద్ బాలానగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో బిల్లులు చూసే అకౌంటెంట్‌కు ఈ సంగతి బాగా తెలుసు. బిల్లు రాగానే ఆమె దాన్ని బోర్లించి పక్కన పెడతారు. పర్చేజ్ ఆర్డరు, స్టోర్స్ రాసిన జీఆర్ఎన్ ముందేసుకుని, బిల్లు ఎంత రావాలో తానే లెక్క వేసుకుంటారు. ఆ తర్వాతే కాగితం తిప్పుతారు. ఎదుటివాడి అంకె ముందే కంటపడితే మన లెక్క తెలియకుండానే దానివైపు జారుతుంది మరి.

విజయవాడ నుంచి వచ్చిన ఇనుప పైపుల బిల్లే చూడండి. ఆర్డరు 2,000 కిలోలకు, కిలో రూ. 68, రవాణా అందులోనే. ధర్మకాటాలో తూగింది 1,960. పన్ను కాక రావలసింది రూ. 1,33,280. బిల్లులో మాత్రం 2,000 కిలోలు, కిలో రూ. 69.50, పైగా రవాణా రూ. 3,000, మొత్తం రూ. 1,42,000. తేడా రూ. 8,720. ఆమె ఆ తేడాను వెంటనే మూడు ముక్కలు చేశారు: తూకంలో 2,780, రేటులో 2,940, రవాణాలో 3,000. ఏ ముక్కకు ఏ కాగితం సాక్ష్యమో పక్కనే రాశారు. ఇలా విడగొడితే అవతలివాళ్లు ఒకదానికి ఒప్పుకుని మిగతావి దాటవేయలేరు.

నాకు ముచ్చటేసింది ఆ తర్వాతి పని. బిల్లులో సీజీఎస్టీ 9, ఎస్జీఎస్టీ 9 శాతం వేశారు. కలిపితే 18, సరైన శాతమే. మొత్తం మాత్రమే చూసేవాళ్లకు ఇందులో ఏ లోపమూ కనిపించదు. ఆమె కన్ను జీఎస్టీ నంబర్ల మొదటి రెండంకెలపై పడింది: అమ్మినవారిది 37, కొన్నవారిది 36. సరుకు రాష్ట్రం దాటింది గనుక పడాల్సింది ఐజీఎస్టీ. ‘సరఫరా స్థలం’ గడిలో ఆంధ్రప్రదేశ్ అని ఉండిపోవడంతో సాఫ్ట్‌వేర్ పన్నును రెండుగా చీల్చింది. ఇలాగే వదిలేస్తే కొన్నవారికి ఆ పన్ను క్రెడిట్ దక్కదు. సరైన లెక్క ప్రకారం పన్నే రూ. 23,990, మిగతా మూడు తప్పులూ కలిపినా అంత కావు. అందుకే డెబిట్ నోటుతో సరిపెట్టకుండా, పాత బిల్లుకు పూర్తి క్రెడిట్ నోటు, ఐజీఎస్టీతో కొత్త బిల్లు అడిగారు.

అయితే ఈ పద్ధతికి ఒక గుడ్డి చోటు ఉంది. స్టోర్స్‌లో ఎవరైనా తూకం వేయకుండా బిల్లులోని అంకెనే జీఆర్ఎన్‌లో దించేస్తే మూడు కాగితాలూ చక్కగా కలుస్తాయి, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే గ్రాముతో సహా కలిసిన బిల్లంటే ఆమెకు అనుమానం. దానికి కాటా చీటీ జతచేస్తేనే సంతకం పెడతారు.