35 రోజులు, 25 రోజులు

వీఆర్ఎస్ సర్క్యులర్ వచ్చిన రోజు సాయంత్రం ఆఫీసు వాళ్ళు ఇచ్చిన లెక్కల కాగితం భోజనాల బల్ల మీద పెట్టాను. అడుగున లావు అక్షరాల్లో మొత్తం 57 లక్షల 40 వేలు. మా ఆవిడ చేతిలో గరిటె పట్టుకునే ఆ అంకె చూసి, "ఇంతొస్తుంటే ఇంకా ఆలోచన ఎందుకండీ?" అంది. రెండు రోజుల పాటు నేనూ అలాగే అనుకున్నాను.

మూడో రోజు పెన్సిల్ పట్టుకుని ఒక్కో వరుసా విడదీశాను. అందులో 14 లక్షల 50 వేలు గ్రాట్యుటీ, 9 లక్షలు 300 రోజుల లీవు డబ్బు. ఈ రెండూ నేను ఎప్పుడు వెళ్ళినా నావే. పైగా అరవై దాకా ఉంటే గ్రాట్యుటీ పెరుగుతుంది. వాటిని తీసేస్తే ముందుగా వెళ్తున్నందుకు నాకిస్తున్నది 33 లక్షల 90 వేలు. వీఆర్ఎస్ కాగితం మీద కొట్టివేయాల్సినవి ముందుగా ఇవే.

ఆ సొమ్ము ఎలా వచ్చిందో చెబుతాను. ప్రభుత్వ రంగంలో చాలాచోట్ల వాడే 'గుజరాత్ మోడల్' ఇది. పూర్తయిన ప్రతి ఏడాదికీ 35 రోజుల జీతం, మిగిలిన ప్రతి ఏడాదికీ 25 రోజుల జీతం. జీతమంటే ఇక్కడ బేసిక్, డీఏ మాత్రమే. నాకు ఆ రెండూ కలిపి నెలకు 90 వేలు, అంటే రోజుకు 3 వేలు. 28 ఏళ్ల సర్వీసుకు 980 రోజులు, మిగిలిన ఆరేళ్లకు 150 రోజులు, మొత్తం 1,130 రోజులు. ఈ ఆరేళ్లూ పని చేస్తే ఒక్క ఇంక్రిమెంటూ లేకుండానే 64 లక్షల 80 వేలు వస్తుంది. అంటే ఇస్తున్నది సగం కంటే కొంచెమే ఎక్కువ.

ఇదే కాగితం మా సెక్షన్‌లో సీనియర్ గారికీ వచ్చింది. ఆయనకూ జీతం నా అంతే. సర్వీసు 31 ఏళ్లు, మిగిలింది మూడేళ్లు. ఫార్ములా ప్రకారం ఆయనకు 34 లక్షల 80 వేలు రావాలి. కానీ మిగిలిన కాలానికి వచ్చే జీతాన్ని మించి ఇవ్వకూడదన్న పరిమితి ఉంది కాబట్టి 36 నెలల జీతం, 32 లక్షల 40 వేలు దగ్గర ఆగింది. అంటే ఆయన ఇంట్లో కూర్చున్నా ఇప్పటి రేటుకు మూడేళ్ల జీతమూ చేతికొస్తుంది. పోయేది ఇంక్రిమెంట్లు, డీఏ పెంపు, యాజమాన్యం కట్టే పీఎఫ్. "నాకు లాభమే బాబూ, నీ సంగతి వేరు" అన్నారాయన, నా కాగితం తిరగేసి చూస్తూ. నిజమే. ముప్పై ఏళ్ల సర్వీసున్న వాళ్లకు మిగిలింది సుమారు మూడేళ్లయితే ఈ లెక్క సమానమవుతుంది. అంతకంటే ఎక్కువ మిగిలి ఉంటే ప్రతి ఏడాదీ నష్టం పెరుగుతూ పోతుంది.

ఇక పన్ను. పరిహారంలో 5 లక్షల వరకే మినహాయింపు, అదీ జీవితంలో ఒక్కసారే. మిగతా 28 లక్షల 90 వేలు ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. అందుకే రిలీవ్ చేసే తేదీ చాలా ముఖ్యం. మార్చిలో పంపితే ఏడాది జీతం కింద ఉండి, ఈ డబ్బులో ఎక్కువ భాగం 30 శాతం శ్లాబులో పడుతుంది. ఏప్రిల్ మొదట్లో అయితే ఆ ఏడాది జీతం దాదాపు ఉండదు. ఇప్పటి కొత్త విధానం శ్లాబులతో లెక్కేస్తే, నా కేసులో తేడా 3 లక్షలు దాటింది.

ఏప్రిల్‌లోనే వెళ్ళాననుకుందాం. పన్ను పోగా 29 లక్షల పైచిలుకు. ఇంటి ఖర్చు నెలకు 40 వేలు. 7 శాతం వడ్డీ వస్తుందనుకున్నా నెలకు 17 వేలే, మిగతాది అసలు లోంచి తీయాలి. ధరలు అస్సలు పెరగకపోయినా ఎనిమిదేళ్లకు ఆ డబ్బు అయిపోతుంది. అప్పటికి నాకు 62. 2020 జనవరి 31న ఒక్కరోజే 78 వేల మందికి పైగా బీఎస్ఎన్ఎల్ ఉద్యోగులు ఇలాంటి పథకంలోనే బయటికి వెళ్ళారు. వాళ్లలో చాలామందికి వెనక ప్రభుత్వ పెన్షన్ ఉంది. మాకున్నది ఈపీఎస్, అదీ 58 దాటాకే పూర్తిగా. ముందే అడిగితే ఏడాదికి 4 శాతం కోత. పూర్తిగా ఇచ్చినా ఆ పెన్షన్ నెల రోజుల కిరాణాకు సరిపోతుందేమో.

మా ఆవిడ ఈ లెక్కంతా విని, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీకు అక్కడ పని ఇష్టంగా ఉందా?" అని మాత్రం అడిగింది. మోకాళ్ల నొప్పులు, కొత్త అధికారులు, ఖాళీ అయిన బెంచీలు, అన్నీ చెప్పాను. ఇష్టంగానే ఉందని కూడా చెప్పాను. నా ఆరోగ్యం బాగోకపోయినా, చేతిలో వేరే పని సిద్ధంగా ఉన్నా ఈ లెక్క తలకిందులయ్యేది. అలాంటి వాళ్ళు నా అంకెలు చూసి ఆగిపోకూడదు.

సీనియర్ గారి అప్లికేషన్‌కి సాక్షి సంతకం నేనే చేశాను. నా ఫారం ఖాళీగానే సొరుగులో పెట్టాను.